కొత్త కార్డు వచ్చింది, పాత ఆటోపే ఆగింది

బ్యాంకు ఖాతా మారలేదు. అందులో డబ్బుకు కొదవ లేదు. ఇంటి రుణం వాయిదా ఐదో తారీఖున ఎప్పటిలాగే కోత పడింది. కిరాణా కొట్టులో ఫోన్‌తో స్కాన్ చేస్తే యూపీఐ చెల్లింపు వెళ్లింది. పన్నెండో తారీఖున సినిమాల యాప్ మాత్రం చందా అందలేదని మొండికేసింది. ఈ మధ్యలో జరిగింది ఒక్కటే. బ్యాంకు పాత డెబిట్ కార్డును ఆపేసి, కొత్త నంబరుతో, కొత్త గడువు తేదీతో ఇంకోటి పంపింది.

ఒకే ఖాతా నుంచి పోవాల్సిన మూడు చెల్లింపుల్లో రెండు ఎందుకు సాగాయి, ఒకటి ఎందుకు ఆగింది? ప్రతి ఆటోమేటిక్ చెల్లింపూ ఏదో ఒక గుంజకు కట్టి ఉంటుంది. రుణ వాయిదాలు చాలావరకు నాచ్ అనే వ్యవస్థ ద్వారా పోతాయి. ఆ అనుమతి కట్టి ఉండేది ఖాతా నంబరుకు. యూపీఐ ఆటోపే కూడా యూపీఐ ఐడీ ద్వారా ఖాతాకే చేరుతుంది. రుణం తీసుకున్న రోజున ఆన్‌లైన్‌లో డెబిట్ కార్డు వివరాలు ఇచ్చి వాయిదాకు అనుమతిచ్చినవాళ్లు, కార్డు మారింది కాబట్టి అదీ ఆగిపోతుందేమోనని కంగారు పడుతుంటారు. ఆగదు. అక్కడ కార్డును అడిగింది మనం మనమేనని తేల్చుకోవడానికే. అనుమతి నమోదైంది ఖాతా మీద. సినిమాల యాప్ చందా సంగతి అలా కాదు, అది కార్డుకే కట్టి ఉంది. కార్డు పోతే దాని పట్టు పోయినట్టే.

క్రెడిట్ కార్డు వాడేవాళ్లకు ఈ చిక్కు మరింత ఎక్కువగా తగులుతుంది. క్రెడిట్ కార్డు మీద పెట్టుకునే నెలవారీ చందాలన్నీ దాదాపుగా ఈ మూడో రకానివే.

మామూలుగా మనం ఊహించుకునేది ఇలా ఉంటుంది: యాప్ వాళ్ల దగ్గర మన కార్డు నంబరు రాసిపెట్టి ఉంది, ఇప్పుడు నంబరు మారింది, కొత్త నంబరు ఇచ్చేస్తే సరి. ఒకప్పుడు నిజంగానే అంతే. ఇప్పుడు భారతదేశంలో ఆ యాప్ దగ్గర మన కార్డు నంబరే ఉండదు. 2022 అక్టోబరు 1 నుంచి, కార్డు ఇచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ తప్ప వేరే ఎవరూ అసలు నంబరును దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటివి నెట్‌వర్క్‌లు. దుకాణదారు గుర్తుకోసం ఉంచుకోగలిగేది చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు, ఇంతే. నంబరుకు బదులుగా వాళ్ల చేతికి ఇచ్చేది టోకెన్.

గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే బిళ్ల లాంటిదే ఈ టోకెన్ కూడా. ఆ బిళ్లను పక్క స్టాండులో చూపిస్తే చెల్లదు. టోకెన్ కూడా ఒక కార్డుకు, ఒక వ్యాపారికి కలిపి పుడుతుంది. అదే కార్డు వేరే యాప్‌లో దాస్తే వేరే టోకెన్ వస్తుంది. చూడటానికి అదీ కార్డు నంబరులాగే ఉంటుంది. ఏ టోకెన్ వెనక ఏ కార్డు ఉందన్న పట్టిక నెట్‌వర్క్ దగ్గర భద్రంగా ఉంటుంది. యాప్ మీద ఎవరైనా దాడి చేసి టోకెన్లన్నీ ఎత్తుకుపోయినా ఇంకో చోట వాటితో ఏమీ కొనలేరు. ఈ ఏర్పాటు పెట్టింది అందుకే.

టోకెన్ ఒక్కటుంటే నెలనెలా డబ్బు కోయడం కుదరదు. అందుకు రెండో ముడి కావాలి. దాన్ని ఈ-మాండేట్ అంటారు. ఫలానా వ్యాపారి, ఫలానా మొత్తం దాకా, ఇన్ని నెలలకోసారి, ఫలానా తేదీ వరకు కోసుకోవచ్చని కార్డుదారు ఓటీపీ కొట్టి ఇచ్చిన అనుమతి అది. 2021 అక్టోబరు 1న ఈ పద్ధతి పూర్తిగా అమల్లోకి వచ్చినప్పుడు, అంతకుముందు ఏ ఓటీపీ లేకుండా నడిచిన చందాలు దేశమంతటా ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ గందరగోళం చాలామందికి గుర్తుండే ఉంటుంది. మాండేట్ నమోదయ్యాక వచ్చే ప్రతి కోతకూ మళ్లీ ఓటీపీ అక్కర్లేదు. దానికి హద్దు 2022 జూన్‌లో 15,000 రూపాయలకు పెరిగింది. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్లు, క్రెడిట్ కార్డు బిల్లులకు మాత్రం 2023 డిసెంబరులో లక్ష దాకా పెంచారు. కోతకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు మనకు సమాచారం పంపాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది అందులో ఉండాలి. వద్దనుకుంటే ఆ కోతను ఆపుకునే దారీ చూపించాలి. ఈ ముందస్తు ఎస్సెమ్మెస్‌ను విసుక్కునేవాళ్లున్నారు. మన కథలో మాత్రం అదే పెద్ద ఆధారం కాబోతోంది.

మూడో ముడి అన్నిటికన్నా మనకు బాగా కనిపించేది. యాప్ వాళ్ల సొంత ఖాతా పుస్తకంలో, ఈ చందాదారు నుంచి ఈ మాండేట్ మీద వసూలు చేయాలి అని రాసి ఉండే వరుస. తెరమీద చివరి నాలుగు అంకెలతో కనిపించేది ఇదే.

నెట్‌వర్క్ దగ్గర టోకెన్, బ్యాంకు దగ్గర మాండేట్, యాప్ దగ్గర ఆ వరుస. మూడింటి వెనకా ఉన్నది పాత కార్డే.

పాత కార్డును బ్యాంకు ఆపేసిన క్షణంలో ఈ సమాచారం యాప్‌కు తనంతట తాను చేరదు. నంబరును చూసి అది బతికుందో లేదో చెప్పడం కూడా సాధ్యం కాదు. కార్డు నంబరులో చివరి అంకెను మిగతా అంకెల నుంచి లెక్కగట్టి పెడతారు. నంబరు కొట్టగానే తప్పుందని వెబ్‌సైటు పట్టేసేది ఆ లెక్కతోనే. ఆగిపోయిన కార్డు నంబరు కూడా ఆ లెక్కలో నిక్షేపంగా నెగ్గుతుంది. కార్డు బతికుందా లేదా అన్న విషయం తెలిసేది బ్యాంకును అడిగినప్పుడే, అంటే కోత కోసం ప్రయత్నించినప్పుడే.

అడిగితే బ్యాంకు రెండంకెల జవాబు పంపుతుంది. 51 అంటే ఖాతాలో చాలినంత లేదని. 54 అంటే గడువు దాటిన కార్డని. 14 అంటే అలాంటి నంబరు లేదని. 41 పోయిన కార్డు, 43 దొంగిలించిన కార్డు. ఈ తేడా వ్యాపారికి చాలా ముఖ్యం. 51 వస్తే జీతాల రోజు దాటాక మళ్లీ ప్రయత్నించడంలో అర్థం ఉంది. 41, 43 వస్తే ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒకటే జవాబు. పైగా అలా పదేపదే కొట్టడాన్ని నెట్‌వర్క్‌లు తప్పుపడతాయి కూడా. విచిత్రమేమిటంటే ఇంత స్పష్టమైన సమాచారం వెనక నడుస్తుండగా, మన తెరమీద కనిపించేది "చెల్లింపు విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" అనే ఒక్క వాక్యం. మళ్లీ ప్రయత్నించమని చెప్పడమే ఇక్కడ తప్పు సలహా. పాత కార్డు మీద ఎన్నిసార్లు నొక్కినా పని జరగదు.

కార్డు మారడంలోనూ రెండు రకాలున్నాయి. గడువు తీరి వచ్చే కొత్త కార్డుకు చాలా సందర్భాల్లో పాత నంబరే ఉంటుంది, తేదీ ఒక్కటే మారుతుంది. అప్పుడు కొన్ని చందాలు ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోవచ్చు. ఎందుకంటే ఇలాంటి మారిన తేదీని చూసీచూడనట్టు పోవాలా, 54 అని తిప్పికొట్టాలా అన్నది బ్యాంకు ఇష్టం. కార్డు పోయినా, వివరాలు బయటికి పొక్కాయన్న అనుమానం వచ్చినా పరిస్థితి వేరు. అక్కడ పాత నంబరును చంపడమే బ్యాంకు ఉద్దేశం. దొంగ చేతిలో ఉన్నది ఆ నంబరే కాబట్టి, కొత్త కార్డుకు వేరే నంబరు ఇవ్వక తప్పదు. పక్కింటాయనకు కార్డు మారినా ఏదీ ఆగలేదట, మనకే ఎందుకిలా అని తలపట్టుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే: ఆయనకు తేదీ మారిందా, నంబరు మారిందా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లను అడిగితే ఈ విషయంలో ఇంకో అనుభవం చెబుతారు. కార్డు పోగొట్టుకుని, కొత్తది వచ్చి, కవరు కూడా విప్పకముందే సినిమాల చందా కొత్త కార్డు మీద పడిపోయిందని. అక్కడ వీసా వాళ్ల అకౌంట్ అప్‌డేటర్, మాస్టర్‌కార్డ్ వాళ్ల ఆటోమేటిక్ బిల్లింగ్ అప్‌డేటర్ అనే సేవలున్నాయి. కొత్త కార్డు ఇచ్చిన బ్యాంకు పాత నంబరును, కొత్త నంబరును జతచేసి నెట్‌వర్క్‌కు పంపుతుంది. వ్యాపారి వసూలుకు వెళ్లే ముందు తన దగ్గరున్న నంబరు ఇంకా చెల్లుతుందా అని నెట్‌వర్క్‌ను అడుగుతాడు. ఇదిగో కొత్త నంబరనో, ఇదిగో కొత్త తేదీ అనో, ఖాతా మూసేశారనో, కార్డుదారునే అడగమనో జవాబు వస్తుంది. టోకెన్లు వాడే చోట ఇంకా తేలిక. టోకెన్ అదే ఉంటుంది, దాని వెనకున్న కార్డును నెట్‌వర్క్ నిశ్శబ్దంగా మార్చేస్తుంది. ఈ సేవలో చేరని చిన్న వ్యాపారుల దగ్గర మాత్రం చెల్లింపు మామూలుగానే ఆగుతుంది. అందుకే అక్కడ సగం చందాలు వాటంతట అవే సాగి, సగం ఆగిపోయే వింత కనిపిస్తుంది.

ఇది వినడానికి హాయిగా ఉంది. దీనికి రెండో ముఖం కూడా ఉంది. ఏ చందానైతే వదిలించుకోలేక ఆఖరికి కార్డునే మార్పించుకున్నామో, అది కూడా కొత్త నంబరు పట్టుకుని వెంటపడుతుంది. కార్డు మార్చితే చందా రద్దయిందనుకోవడం అక్కడ తప్పు లెక్క. మోసగాడు మన కార్డుతో ఏదైనా చందా తీసుకుని ఉంటే అదీ కొత్త కార్డుకు పాకే ప్రమాదముంది. ఈ సేవ తనకు వద్దని బ్యాంకుకు చెప్పుకునే వీలున్నా, అసలు అలాంటిది ఒకటుందని తెలిసినవాళ్లు ఎందరు?

రిజర్వు బ్యాంకు ఈ దారిలో వెళ్లలేదు. కార్డు వివరాలకు బదులు టోకెన్లు వాడటంపై 2021 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వులో ఒక చిన్న నిబంధన ఉంది. కార్డును పునరుద్ధరించినా, మార్చి ఇచ్చినా, అంతకుముందు కార్డుదారు నమోదు చేసుకున్న వ్యాపారులతో కొత్త కార్డును జోడించడానికి బ్యాంకు ఆయన స్పష్టమైన సమ్మతిని కోరాలి. ఊరికే జోడించకూడదు. మన దగ్గర చందా ఆగిపోవడం వెనక సాంకేతిక లోపం కన్నా ఈ నిర్ణయమే ఎక్కువ ఉంది. టోకెన్ వెనకున్న కార్డును మార్చడం నెట్‌వర్క్‌కు చేతగాక కాదు. యజమానిని అడగకుండా ఆ పని చేయొద్దన్నారు.

నా మటుకు ఈ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. అయితే నిబంధన చెప్పింది సమ్మతి కోరమని. కోరడమంటే కొత్త కార్డును యాప్‌లో మొదటిసారి తెరిచిన రోజునే, మీ పాత కార్డు మీద ఫలానా ఫలానా చందాలున్నాయి, వీటిలో ఏవి దీనికి మార్చమంటారు అని వరుసగా చూపించి అడగడం. ఆ అడగడం ఎక్కడో మెనూ లోపలి మెనూలో దాక్కుంటే, కార్డుదారు సమ్మతి ఇవ్వలేదని కాదు, ఆయన్ను ఎవరూ అడగలేదనే చెప్పుకోవాలి. కార్డు ఏయే వ్యాపారుల దగ్గర టోకెన్‌గా ఉందో చూసుకునే, తీసేసుకునే సదుపాయం కూడా బ్యాంకులు ఇవ్వాలని అదే ఉత్తర్వు చెబుతోంది. దాన్ని ఒక్కసారైనా తెరిచి చూసినవాళ్లు తక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపిస్తే విషయం తేటపడుతుంది. విజయవాడలో ఉద్యోగం చేసే ఒకావిడ ఉన్నారనుకుందాం. ఆమె క్రెడిట్ కార్డు మీద మూడు ఆటోపేలు: సినిమాల యాప్‌కు నెలకు 199, ఫోన్ ఫొటోలు దాచుకునే చోటుకు నెలకు 130, టర్మ్ బీమాకు ఏడాదికోసారి జూన్ 10న 18,400 రూపాయలు. మార్చి 3న తెలియని లావాదేవీ ఒకటి కనబడితే ఆమె ఫోన్ చేసి కార్డు ఆపించేశారు. ఎనిమిదో తారీఖుకల్లా కొత్త కార్డు వచ్చింది.

సినిమాల యాప్ కోత పన్నెండున. మామూలుగా పదకొండుకల్లా ముందస్తు ఎస్సెమ్మెస్ రావాలి. రాలేదు. మొదటి ఆధారం ఇదే. ముందస్తు సమాచారమే రాలేదంటే మొదట అనుమానించాల్సింది మాండేట్‌ను. సమాచారం వచ్చి కూడా కోత తప్పిందంటే, మాండేట్ వరకు దారి తెరిచే ఉంది, ఆ తర్వాత టోకెన్ దగ్గరో కార్డు దగ్గరో మూసుకుపోయిందని ఊహించవచ్చు. ఏ అంకెలు ముగిసే కార్డు అని ఆ సందేశంలో రాసి ఉంటే అదీ చూసుకోవాలి.

పన్నెండున యాప్ గొడవపెట్టింది. ఆమె అదే యాప్‌లో కొత్త కార్డు వివరాలు ఇచ్చి, కార్డును భద్రపరచమనే గడిలో టిక్కు పెట్టి, ఒక సినిమాను అద్దెకు తీసుకుని చూశారు. చెల్లింపు చక్కగా వెళ్లింది. చందా సంగతి కూడా తీరిపోయిందనుకున్నారు. మర్నాడు మళ్లీ అదే గొడవ.

ఈ ఉదంతంలో ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. గడిలో టిక్కు పెట్టినప్పుడు పుట్టింది కొత్త టోకెన్ మాత్రమే. మొదటి ముడి ఒక్కటే కొత్త కార్డుకు పడింది. మాండేట్ ఇంకా పాత కార్డు పేరనే ఉంది, యాప్ పుస్తకంలో వరుస కూడా పాత మాండేట్‌నే చూపిస్తోంది. కార్డు దాచి ఉంచడం వేరు, చందాకు దాన్ని కట్టడం వేరు. చందా పేజీలోకి వెళ్లి, అక్కడ చెల్లింపు విధానాన్ని మార్చడం అన్నది విడిగా చేయాలి. అప్పుడు మళ్లీ ఓటీపీ వస్తుంది. ఆ ఓటీపీ సందేశంలోనో, దాని వెనకే వచ్చే నిర్ధారణలోనో ఆటోపే నమోదైందన్న మాట, గరిష్ఠ మొత్తం, ఎప్పటి వరకు అన్నవి కనిపిస్తే రెండో ముడి పడినట్టు. వట్టి కొనుగోలు ఓటీపీ వస్తే పడనట్టు. ఆమె చందా పేజీలో మార్చారు, చందా సాగింది. ఫొటోల సేవకూ అలాగే చేశారు. రెండూ నెలనెలా గుర్తుచేసేవే కాబట్టి మార్చి నెలాఖరుకల్లా అంతా సర్దుకుంది.

సర్దుకుందనిపించింది. బీమా గురించి ఆమెకు గుర్తే లేదు. ఏడాదికోసారి వచ్చేది, కిందటి జూన్‌లో తనంతట తాను పోయింది. ఈసారి జూన్ 9న ఎస్సెమ్మెస్ రాలేదు. రాని ఎస్సెమ్మెస్‌ను ఎవరు గమనిస్తారు? పదో తారీఖున కోత తప్పింది. బీమా సంస్థ మెయిల్ పంపింది, అది ప్రకటనల మెయిళ్ల గుంపులో కలిసిపోయింది. ఏడాది ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ గడువు ఉంటుంది. నెలవారీ కట్టేవాళ్లకైతే 15 రోజులే. ఆ గడువులోపు జరగరానిది జరిగినా, బాకీ ఉన్న ప్రీమియం మినహాయించుకుని క్లెయిమ్ ఇస్తారు. జూలై 10 దాటితే పాలసీ ల్యాప్స్. తర్వాత దాన్ని తిరిగి బతికించుకోవచ్చు, కానీ బాకీకి వడ్డీ కట్టాలి, ఆరోగ్యం గురించి మళ్లీ రాసివ్వాలి, ఒక్కోసారి వైద్య పరీక్షలకూ వెళ్లాలి. మధ్యలో ఆమెకు షుగర్ బయటపడి ఉంటే పాత ధరకు, పాత షరతులకు తిరిగి ఒప్పుకుంటారన్న హామీ ఉండదు. 199 రూపాయల చందా ఆగితే ఆ రోజే తెలిసింది. కోటి రూపాయల బీమా ఆగితే నాలుగు నెలల దాకా తెలియలేదు. ఈ వ్యవస్థలో నిజమైన ప్రమాదం ఈ తలకిందుల లెక్కే: విలువైన చెల్లింపులు ఎంత అరుదుగా వస్తాయో, వాటి వైఫల్యం అంత ఆలస్యంగా బయటపడుతుంది.

అందుకే కార్డు మారినప్పుడు కిందటి నెల స్టేట్‌మెంట్ ఒక్కటి చూస్తే చాలదు. పన్నెండు నెలలవీ, ఇంకా భద్రంగా ఉండాలంటే పదమూడు నెలలవీ తెరవాలి. ఏడాదికోసారి తలెత్తే బీమా, వెబ్‌సైటు పేరు రుసుము, యాంటీవైరస్, పిల్లల పాఠాల యాప్ లాంటివి అక్కడే దొరుకుతాయి. బ్యాంకు యాప్‌లో మాండేట్ల జాబితా ఉంటుంది, అదీ చూడాలి. అయితే కొన్ని యాప్‌లలో ఎంచుకున్న కార్డుకు సంబంధించిన మాండేట్లే కనిపిస్తాయి. కొత్త కార్డును ఎంచుకుని చూస్తే జాబితా ఖాళీగా ఉంటుంది, నాకేమీ లేవులే అనిపిస్తుంది. వీలుంటే పాత కార్డు యాప్‌లోంచి మాయం కాకముందే ఆ జాబితాను ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది. మోసం అనుమానంతో కార్డును అప్పటికప్పుడు ఆపేస్తే అంత వ్యవధి దొరక్కపోవచ్చు. అప్పుడు స్టేట్‌మెంట్లే దిక్కు.

ఏడాదికోసారి కట్టే బీమాను కార్డు మీద కాకుండా నాచ్ మీదో, యూపీఐ ఆటోపే మీదో పెట్టుకుంటే కార్డు మారిన ప్రతిసారీ ఈ బెడద ఉండదు. కార్డు పాయింట్లు పోతాయి, క్రెడిట్ కార్డు ఇచ్చే నెల రోజుల వెసులుబాటూ పోతుంది. అవి ఎంత విలువైనవో ఎవరి లెక్క వారిది. బ్యాంకు మారితే మాత్రం ఆ ఖాతా మాండేట్లను కూడా ఇలాగే వెతుక్కోవాలి.

ఇంకో సందేహం ఈ సందర్భంలో తరచూ వస్తుంది. పాత కార్డుతో కొని, తర్వాత వెనక్కి పంపిన వస్తువు డబ్బు ఎక్కడికి వస్తుందని. వాపసు కూడా పాత నంబరుకే బయల్దేరుతుంది. ఖాతా బతికున్నంతవరకు, ఆ నంబరు ఏ ఖాతాదో బ్యాంకు తన పుస్తకాల్లో చూసుకుని అందులో జమ చేస్తుంది. ఆగిపోయిన కార్డు మీద కొత్తగా కోయడం కుదరదు గానీ, అది ఎవరిదో బ్యాంకు మర్చిపోదు. వాపసు వారం పది రోజుల్లో కనబడకపోతే దుకాణదారు దగ్గర ఆ లావాదేవీ రిఫరెన్స్ నంబరు అడిగి తీసుకుని, పాత కార్డు చివరి నాలుగు అంకెలతో కలిపి బ్యాంకుకు ఇస్తే వెతకడం తేలికవుతుంది.